నాలుగు శాతం ఆధిక్యం నిజంగా ఉన్నట్టేనా? ఒపీనియన్ పోల్ అంకెలను మీరే లెక్కగట్టి చూసుకునే పద్ధతి

2019 అసెంబ్లీ ఎన్నికల్లో తిరుపతి నియోజకవర్గం ఫలితం 708 ఓట్ల దగ్గర తేలింది. మొదటి ఇద్దరికీ కలిపి లక్షా అరవై వేల పైచిలుకు ఓట్లు పడితే, వాళ్ల మధ్య తేడా అర శాతం కూడా లేదు. ఆ ఎన్నికకు ముందు ఎవరైనా సర్వే చేసి ఫలానా ఆయనే గెలుస్తాడని చెప్పి ఉంటే, అది ఫలించినా సరే, జోస్యమే అవుతుంది తప్ప లెక్క కాదు. ఎందుకు కాదో కాసేపట్లో మీరే కాగితం మీద వేసి చూపించగలుగుతారు. అందుకు కావలసింది వర్గమూలం (√) మీట ఉన్న కాలిక్యులేటరు. స్టాటిస్టిక్స్ చదివి ఉండనక్కర్లేదు.

ముందుగా ఒక సర్వేను ఊహించుకుందాం. ఇది పూర్తిగా నా కల్పన. తిరుపతి నియోజకవర్గంలో 400 మంది ఓటర్లను అడిగారు. 184 మంది మామిడి పార్టీకి వేస్తామన్నారు, 168 మంది చెనిక్కాయ పార్టీకి వేస్తామన్నారు. మిగతా 48 మందిలో కొందరు వేరేవాళ్ల పేర్లు చెప్పారు, కొందరు ఇంకా తేల్చుకోలేదన్నారు. అంటే 46 శాతం, 42 శాతం, 12 శాతం. మర్నాడు పేపర్లో "మామిడి పార్టీకి 4 శాతం ఆధిక్యం" అని పెద్దక్షరాల్లో వచ్చింది. అడుగున చీమంత అక్షరాల్లో "మార్జిన్ ఆఫ్ ఎర్రర్ ±5 శాతం, కాన్ఫిడెన్స్ 95 శాతం" అని ఉంది. మన పనంతా ఆ చీమంత అక్షరాలతోనే.

ఒక మాట. ఇక్కడ మార్జిన్ అంటే గెలిచినవాడి మెజారిటీ కాదు. ఏటా క్లాసులో కనీసం ఇద్దరైనా ఇక్కడే తడబడతారు. 400 మందినే అడిగాం కాబట్టి మన అంకె అసలు అంకెకు ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్పేదే ఈ మార్జిన్.

మొదటి మెట్టు: రూపాయి బిళ్లతో కళ్లారా చూడండి

ఫార్ములా జోలికి వెళ్లకముందు ఒక గంట ఈ పని చేయండి. క్లాసులో 25 మంది ఉంటే ఒక్కొక్కరూ రూపాయి బిళ్లను వందసార్లు ఎగరేసి, బొమ్మ ఎన్నిసార్లు పడిందో రాసుకోవాలి. అసలు నిజం ఏమిటో మనకు ముందే తెలుసు. బిళ్ల సరైనదైతే బొమ్మ వాటా 50 శాతం. కానీ 25 మందీ 50 అని చెప్పరు. ఒకరికి 47, ఒకరికి 53, పాపం ఎవరో ఒకరికి 41 వస్తుంది. వాళ్లెవరూ తప్పు చేయలేదు, బిళ్లలో మోసమూ లేదు. వందసార్లే ఎగరేస్తే అంకె అలాగే ఊగుతుంది.

ఇప్పుడు ఆ 25 అంకెలనూ బోర్డు మీద వరసగా రాయండి. దాదాపు 18 అంకెలు 45కూ 55కూ మధ్య పడతాయి. 40కీ 60కీ మధ్య దాదాపు 24 పడతాయి. బయటికి పోయేది ఒకటో, అదీ లేదో. ఊపు ఉందిగానీ ఆ ఊపుకు ఒక హద్దు కూడా ఉంది. నూరు సార్లలో 95 సార్లు అంకె ఏ హద్దు లోపల ఉంటుందో ఆ హద్దే మార్జిన్ ఆఫ్ ఎర్రర్. వంద ఎగరవేతలకు అది సుమారు 10 పాయింట్లు.

ఓటరును అడగడమూ ఇలాంటిదే. లిస్టులోంచి చిట్టీ తీసినట్టు పేర్లు తీసి 400 మందిని అడిగాం. ఇంకో 400 మంది పేర్లు తగిలి ఉంటే 46కు బదులు 44 వచ్చేదేమో, 49 వచ్చేదేమో. మన చేతిలో ఉన్నది ఆ అనేక అంకెల్లో ఒకటి మాత్రమే.

రెండో మెట్టు: మార్జిన్‌ను చేత్తో కట్టడం

మామిడి పార్టీ వాటా 0.46. దానికి వేయనివాళ్ల వాటా 0.54. ఈ రెంటినీ హెచ్చించి, అడిగినవాళ్ల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీయాలి. వచ్చినదాన్ని 1.96తో హెచ్చించాలి.

```
√(0.46 × 0.54 ÷ 400) = 0.0249
0.0249 × 1.96 = 0.0488
```

అంటే 4.9 శాతం. పేపరువాళ్లు దాన్నే 5 అని గుండుగుత్తగా వేశారు. 1.96 ఎక్కడిదంటే, బోర్డు మీద మీరు రాసిన అంకెలు మధ్యలో గుంపుగా, అంచుల్లో పలచగా ఉన్నాయి కదా, ఆ గంట ఆకారపు గీతలో నడిమి 95 శాతాన్ని కత్తిరించే కొలత అది. 99 శాతం కావాలంటే 2.58 పెట్టాలి. అప్పుడు మన మార్జిన్ 6.4కు పెరుగుతుంది. అదే 400 మంది, అవే జవాబులు. ఎక్కువ నమ్మకంగా చెప్పాలంటే ఎక్కువ వెడల్పుగా చెప్పాల్సి వచ్చింది, అంతే.

పరీక్షలో కాకుండా మామూలుగా పేపరు చదివేటప్పుడైతే ఇంత కూడా అక్కర్లేదు. 98ని శాంపిల్ వర్గమూలంతో భాగిస్తే చాలు. 400 వర్గమూలం 20, 98 ÷ 20 అంటే 4.9. ఇది వాటా 50 శాతం దగ్గర ఉన్నప్పటి మార్జిన్, అన్నిటికంటే పెద్దది. చిన్న పార్టీకి మార్జిన్ ఇంతకంటే తక్కువే ఉంటుంది. 400 మందిలో 5 శాతం వచ్చినవాడికి అది రెండు పాయింట్ల పైచిలుకు మాత్రమే.

వర్గమూలం ఉండడం వల్ల ఒక ఇబ్బంది వచ్చిపడింది. మార్జిన్ సగం కావాలంటే రెట్టింపు మందిని అడిగితే సరిపోదు, నాలుగింతలు అడగాలి. 400కు 4.9 ఉన్నది 2.45కు దిగాలంటే 1,600 మంది కావాలి. ఇంటింటికీ మనుషుల్ని పంపే ఖర్చు కూడా నాలుగింతలే. సర్వేలు చాలావరకు కొన్ని వందల మంది దగ్గరో, ఒకటి రెండు వేల దగ్గరో ఆగిపోవడానికి కారణం ఇదే.

ఫార్ములాలో నియోజకవర్గంలో మొత్తం ఎంతమంది ఓటర్లున్నారన్నది ఎక్కడా రాలేదని గమనించారా? విద్యార్థులు ఒప్పుకోవడానికి మొరాయించే చోటు ఇది. "రాష్ట్రమంతటికీ వెయ్యిమందేనా సార్?" అంటారు. ఇంట్లో చిన్న గిన్నెడు చారైనా, పెళ్లింటి గుండిగలో సాంబారైనా ఉప్పు చూడడానికి వేసుకునేది అరచేతిలో నాలుగు చుక్కలే కదా. గుండిగ పెద్దదని బకెట్టుతో తాగి చూడం. కానీ అడుగునుంచి కలిపాకే చూస్తాం. కలపకుండా పైతేట రుచి చూస్తే ఎన్ని గరిటెలు తాగినా ఉప్పు సంగతి తెలియదు. ఆ కలపడం గురించి చివర్లో మాట్లాడుకుందాం, ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే ఉంది.

మూడో మెట్టు: ఇంటర్వెల్ రాయడం, 95 శాతాన్ని సరిగ్గా చదవడం

46లోంచి 4.9 తీసేస్తే 41.1, కలిపితే 50.9. ఇదే మామిడి పార్టీ కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్. చెనిక్కాయ పార్టీకి ఇలాగే కడితే మార్జిన్ 4.8, ఇంటర్వెల్ 37.2 నుంచి 46.8 వరకు.

"అసలు వాటా 41.1కీ 50.9కీ మధ్య ఉండే అవకాశం 95 శాతం" అని చాలామంది చెబుతారు. పేపర్లోనూ అలాగే రాస్తారు. వాడుకలో పెద్ద ప్రమాదమేమీ లేదుగానీ మాట సరైనది కాదు. గంగమ్మ జాతరలో రింగులాట అంగడి గుర్తు తెచ్చుకోండి. మేకు నేలలో పాతి ఉంది, అది కదలదు. మన చేతిలోంచి వెళ్లే రింగు మాత్రం ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ పడుతుంది. నియోజకవర్గంలో మామిడి పార్టీ అసలు వాటా ఆ మేకు. అది ఎంతో మనకు తెలియదుగానీ ఒకచోట నిలిచి ఉంది. మన ఇంటర్వెల్ రింగు. ఇదే పద్ధతిలో నూరు సర్వేలు చేసి నూరు రింగులు విసిరితే, సుమారు 95 రింగులు మేకును చుట్టుకుని పడతాయి. 95 శాతం అనేది విసిరే చేతి నైపుణ్యం. ఇప్పుడు మనం విసిరిన ఈ ఒక్క రింగు ఆ 95లోదో, బయట పడిన ఐదులోదో చెప్పే దారి లేదు.

ఇందులోంచి ఒక సంగతి తేలుతుంది. ఎన్నికల కాలంలో ఇరవై సర్వేలు వచ్చాయంటే, అన్నీ నిజాయితీగా చేసినవైనా, వాటిలో ఒకటి మేకుకు దూరంగా పడుతుందనే అనుకోవాలి. టీవీలో హోరెత్తేది మాత్రం తరచుగా ఆ ఒక్కటే.

నాలుగో మెట్టు: ఆధిక్యానికి వేరే మార్జిన్

"మార్జిన్ 5, ఆధిక్యం 4, కాబట్టి కొంచెంలో తప్పింది, ఆధిక్యం 6 ఉంటే మామిడి పార్టీ ముందున్నట్టే." ఇది నేను ఎక్కువగా వినే పొరపాటు. పేపర్లో వేసిన 5 శాతం ఒక్కో పార్టీ వాటాకు సంబంధించింది. ఆధిక్యం అనేది రెండు వాటాల మధ్య తేడా, అది దాదాపు రెట్టింపు ఊగుతుంది.

ఎందుకు? శాంపిల్‌లో మామిడి పార్టీవాడు తగలాల్సిన చోట చెనిక్కాయ పార్టీవాడు తగిలాడనుకోండి. మామిడికి ఒక ఓటు తగ్గింది, చెనిక్కాయకు ఒకటి పెరిగింది. తేడా మాత్రం రెండు మారింది. తరాజులో ఒక పళ్లెంలోంచి తీసిన రాయిని రెండో పళ్లెంలో వేసినట్టు. ఇద్దరే పోటీలో ఉంటే సరిగ్గా రెట్టింపు. మూడోవాళ్లు, తేల్చుకోనివాళ్లు ఉంటే కాస్త తక్కువ. ఇద్దరి వాటాలనూ కలిపి, దాంట్లోంచి తేడా వర్గాన్ని తీసేసి, మళ్లీ పాత దారిలోనే వెళ్లాలి.

```
0.46 + 0.42 − (0.04 × 0.04) = 0.8784
√(0.8784 ÷ 400) = 0.0469
0.0469 × 1.96 = 0.092
```

అంటే ఆధిక్యం 4, దాని మార్జిన్ 9.2. ఇంటర్వెల్ కడితే మామిడి పార్టీ 13 పాయింట్లు ముందు ఉండొచ్చు, 5 పాయింట్లు వెనకా ఉండొచ్చు. నడుమ సున్నా ఉంది. కాబట్టి ఎవరు ముందున్నారో ఈ సర్వే తేల్చలేదు. ఇక్కడ ఇంకో వైపుకు కూడా పడిపోకండి. తేల్చలేదంటే ఇద్దరూ సమానమని కాదు. మొగ్గు మామిడి వైపే ఉంది, పందెం కాసేంత గట్టిగా లేదు, అంతే.

ఇప్పుడు 708 ఓట్ల సంగతి. మొదటి ఇద్దరికి పడిన ఓట్లలో ఆ తేడా 0.44 శాతం. ఇద్దరి మధ్యే పోటీ అనుకుంటే ఆధిక్యపు మార్జిన్ 196 ÷ √శాంపిల్. అది 0.44కు దిగాలంటే వర్గమూలం 445 కావాలి, అంటే సుమారు 1,98,000 మందిని అడగాలి. ఆ ఇద్దరికీ పడిన ఓట్లే అంత లేవు! నిజానికి శాంపిల్ మొత్తం జనంలో పెద్ద ముక్క అయినప్పుడు మన ఫార్ములాను సవరించాలి. గుండిగలో సగం తాగేశాక మిగిలిన సందేహం తక్కువే కదా. సవరించినా సుమారు 88 వేల మంది అవుతారు. అంటే ఆ ఇద్దరికి వేసినవాళ్లలో సగానికి పైనే. అందుకే అలాంటి పోటీలో సర్వే మౌనంగా ఉండడమే మర్యాద.

ఐదో మెట్టు: శాంపిల్‌ను చీల్చినప్పుడు, గుంపులుగా అడిగినప్పుడు

అదే పేపర్లో మూడు రోజుల తర్వాత "యువత చెనిక్కాయ వైపు" అని ఇంకో వార్త వస్తుంది. కొత్త సర్వే ఏమీ చేయలేదు. పాత 400 మందిలో పాతికేళ్ల లోపువాళ్లను విడదీసి చూశారు. వాళ్లు 60 మంది ఉన్నారనుకుందాం. 98 ÷ √60 అంటే 12.7. ఒక్కో వాటాకే అంత. ఆధిక్యానికైతే పాతిక పాయింట్ల దాకా. అంటే ఆ వార్తలో వార్త లేదు. వయసు, కులం, మండలం వారీగా చీల్చిన అంకె కనబడితే ముందు ఆ ముక్కలో ఎంతమంది ఉన్నారని అడగండి. చెప్పకపోతే పేజీ తిప్పేయండి.

రెండోది కాస్త దాగి ఉంటుంది. మన ఫార్ములా 400 పేర్లను నియోజకవర్గమంతటా విడివిడిగా చిట్టీ తీసినట్టు అనుకుంటుంది. ఎవరూ అలా చేయరు, కాళ్లు పోతాయి. మామూలుగా 20 పోలింగ్ బూత్‌లు ఎంచుకుని, ఒక్కో బూత్ ఓటర్ల లిస్టులోంచి 20 పేర్లు తీస్తారు. ఒకే వీధిలో ఉండేవాళ్లు, ఒకే ఇంట్లో ఉండేవాళ్లు చాలావరకు ఒకేలా ఆలోచిస్తారు. కాబట్టి ఆ వీధిలో పదో మనిషి, పదకొండో మనిషి చెప్పే కొత్త సంగతి తక్కువ. దీనివల్ల 400 మంది 200 మంది పాటి విలువే చేస్తే మార్జిన్ 4.9 కాదు, 6.9. పేపర్లో వేసే మార్జిన్‌లో తరచుగా ఈ సవరణ ఉండదు. మీరు కాలేజీ ప్రాజెక్టుగా సర్వే చేస్తుంటే, తక్కువ బూత్‌లలో ఎక్కువమందిని కాక, ఎక్కువ బూత్‌లలో తక్కువమందిని అడగండి. 40 బూత్‌లలో పదేసి మంది చాలా మేలు.

ఆరో మెట్టు: మార్జిన్‌లో పట్టని పొరపాట్లు

ఒక ఏడాది మా పిల్లలు ఉత్సాహంగా వెళ్లి తిరుపతి బస్టాండులో ఒక్క పూటలో కావలసినంతమందిని అడిగేసి వచ్చారు. ఫారాలు చూస్తే సగం మందికి పైగా ఓటు ఈ ఊళ్లో లేదు. కొండకు వచ్చిన భక్తులు వాళ్లు. తప్పు నాదే. ఎక్కడ అడగాలో చెప్పానుగానీ ఎక్కడ అడగకూడదో చెప్పలేదు. వాళ్లను తీసేసినా మిగిలినవాళ్లు ఎవరు? ఆ పూట బస్సెక్కే అవసరం ఉన్నవాళ్లు. పాలకేంద్రానికి పాలు పోసి ఇంటి పనిలో పడే ఆడవాళ్లు లేరు, పొద్దున్నే పొలానికి పోయేవాళ్లు లేరు. ఫార్ములాలో ఆ అంకెలు పెడితే అది ఏమీ ఎరగనట్టు చక్కటి మార్జిన్ ఇస్తుంది. గుండిగ కలపలేదని దానికి తెలియదు.

చరిత్రలో దీనికి పేరుమోసిన ఉదాహరణ అమెరికాది. 1936 అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటిమందికి కార్డులు పంపితే దాదాపు 24 లక్షల జవాబులు వచ్చాయి. మన ఫార్ములా ప్రకారం మార్జిన్ శాతంలో పదహారో వంతు. ఆ పత్రిక రూజ్‌వెల్ట్‌కు 43 శాతం ఇచ్చి ఓడిపోతాడంది. ఆయనకు 61 శాతం దగ్గర వచ్చాయి. పేర్లు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల యజమానుల జాబితాల నుంచి. ఆర్థిక మాంద్యం రోజుల్లో అవి ఉన్నవాళ్లు కలిగినవాళ్లే. పైగా కార్డు అందినా నాలుగింట మూడొంతులు జవాబివ్వలేదు. అదే ఎన్నికలో జార్జ్ గాలప్ అనే సర్వేల నిపుణుడు అంతకంటే ఎంతో చిన్న శాంపిల్‌తో గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు.

కాబట్టి సర్వే చదివేటప్పుడు మార్జిన్ చూశాక వెంటనే ఇంకో రెండు చూడండి. పేర్లు ఎక్కడినుంచి తీశారు, తలుపు తట్టినవాళ్లలో ఎందరు జవాబిచ్చారు. మీరే చేస్తుంటే, ఇంట్లో లేనివాళ్ల బదులు పక్కింటివాళ్లను అడిగేయకండి. సాయంత్రం మళ్లీ వెళ్లండి, ఆదివారం ఇంకోసారి వెళ్లండి. పట్టపగలు ఇంట్లో దొరికేవాళ్ల ఓటు, దొరకనివాళ్ల ఓటు ఒకటే కానక్కర్లేదు. భయంతోనో మొహమాటంతోనో అడిగినవాడికి నచ్చేది చెప్పేవాళ్లూ ఉంటారు. వరండాలో నలుగురి ముందు అడిగితే ఇంకా ఎక్కువ. చిట్టీ మీద టిక్కు పెట్టించి డబ్బాలో వేయించుకుంటే ఆ బెడద కొంత తగ్గుతుంది. ఇవేవీ 4.9 అనే అంకెలో లేవు, ఉండవు కూడా.

చివరిగా సీట్ల లెక్క. ఓట్ల శాతానికి కట్టిన మార్జిన్‌ను సీట్ల మీద అతికించకూడదు. 2019లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి తెలుగుదేశం పార్టీకి 39 శాతం పైచిలుకు ఓట్లు వస్తే 23 సీట్లు వచ్చాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా 39 శాతం పైచిలుకే వస్తే 11 సీట్లు వచ్చాయి. ఎదుటివైపు ఓట్లు చీలాయా, కూటమిగా కలిశాయా, ఏ నియోజకవర్గంలో ఎన్ని పడ్డాయి అన్నదాన్ని బట్టి అదే శాతం సగం సీట్లకు పడిపోగలదు. "110 సీట్లు, మార్జిన్ ±3 శాతం" అని ఎక్కడైనా కనబడితే ఆ 3 దేనికి కట్టిందో చూడండి. ఓట్లకు కట్టిందైతే సీట్ల అంకెకు మార్జిన్ ఏదీ చెప్పనట్టే.